కీ.శే. అంటే ఇనీషియల్స్ కాదు

మన పెళ్లిళ్లకు ఇప్పుడు రెండు శుభలేఖలు తప్పడం లేదు. పెద్దలకు తెలుగులో ఒకటి, పిల్లల స్నేహితులకు ఇంగ్లీషులో ఒకటి. తెలుగుది ముందు రాయించి, దాన్ని అనువాద యంత్రంలో పేస్ట్ చేసి, వచ్చింది వచ్చినట్టు అచ్చుకు పంపేవాళ్లు చాలామంది. ఆ పద్ధతి మానుకోవాలని మా గట్టి అభిప్రాయం. యంత్రానికి ఇంగ్లీషు రాక కాదు. శుభలేఖలో ఏది పేరో, ఏది మాటో దానికి తేలిగ్గా తెలియదు.

ఇంటిపేరు తోట, అమ్మాయి పేరు జ్యోతి అనుకుందాం. లేఖలో తాతగారి పేరు ముందు కీ.శే. ఉంటుంది, అమ్మాయి పేరు ముందు చి.ల.సౌ. ఉంటుంది. ఇలాంటి వరుసను పేస్ట్ చేస్తే తోట గార్డెన్ అయిపోవచ్చు, జ్యోతి లైట్ అయిపోవచ్చు. మేకా, చింతా, కొండా, ఆకుల, బంగారు ఇంటిపేర్లవాళ్లకూ ఇదే గండం. ఇలాంటి తప్పు నవ్వు తెప్పిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుంటారు. అసలు ప్రమాదం దీనికి తిరగబడిన తప్పుతో. మాటను పేరనుకుని, కీ.శే. రెండక్షరాలనూ ఇనీషియల్స్‌గా దింపేస్తే, కాలం చేసిన తాతగారు ఇంగ్లీషు లేఖలో బతికే ఉంటారు. చూడ్డానికి వాక్యం శుభ్రంగా ఉంటుంది కనుక కంటికి ఆనదు. ఆ ఇంటివాళ్లకు మాత్రం అది గుచ్చుకుంటుంది.

అందుకే పేస్ట్ చేయకముందే రెండు పనులు చేయాలి. మొదటిది, పొడి అక్షరాలన్నీ విప్పి రాయడం: కీ.శే. స్థానంలో కీర్తిశేషులు, చి.ల.సౌ. స్థానంలో చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. రెండోది, పేర్లన్నీ తీసేసి వాటి చోట N1, N2, N3 అని గుర్తులు పెట్టడం. అప్పుడు వాక్యం ఇలా ఉంటుంది:

```
కీర్తిశేషులు N1 గారి పౌత్రి,
N2 గారి ద్వితీయ పుత్రిక
చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి N3
```

గుర్తుకు విభక్తి అతికించకండి. N3ని, N3కు అని రాస్తే గుర్తు చెదిరిపోవచ్చు. ఏ గుర్తు ఎవరిదో వేరే కాగితం మీద రాసుకుని, ఎదురుగా ఇంగ్లీషు స్పెల్లింగ్ ఆ కుటుంబం చేతే రాయించండి. చౌదరి అన్న ఒక్క పేరునే ఒక్కో ఇంటివారు ఒక్కోలా రాస్తారు. అనువాదం వచ్చాక ఆ కాగితం చూసి పేర్లు తిరిగి పెట్టాలి. చిరంజీవి, సౌభాగ్యవతి అన్నవాటికి ఇంగ్లీషులో సాటి మాట వెతకడం వృథా. అవి ఆశీస్సులు. ఇంగ్లీషు లేఖలో అయితే తెలుగు మాటగానే ఉంచండి, లేదా పూర్తిగా వదిలేయండి.

పౌత్రి అంటే కొడుకు కూతురు, దౌహిత్రి అంటే కూతురు కూతురు. ఇంగ్లీషులో రెండూ గ్రాండ్‌డాటరే. ఇద్దరు తాతల పేర్లూ వేసినప్పుడు ఎవరు ఏ వైపో చెప్పే మాట అక్కడ మనమే చేర్చాలి.

ఇంగ్లీషు నుంచి తెలుగుకు తెచ్చేటప్పుడు చిక్కు మరో రకం. ఇంగ్లీషు లేఖలో తల్లిదండ్రులు తమను ప్రథమ పురుషలో చెప్పుకుంటారు: ఫలానా దంపతులు తమ కుమార్తె వివాహానికి మిమ్మల్ని కోరుతున్నారు అన్నట్టు. దాన్ని ఉన్నదున్నట్టు దింపితే ‘వారి కుమార్తె వివాహంలో మీ ఉనికి యొక్క గౌరవాన్ని అభ్యర్థిస్తున్నారు’ వంటిది తయారవుతుంది. వారెవరు? పిలిచేది మనమే కదా! తెలుగులో ‘మా ద్వితీయ పుత్రిక’ అనాలి, ‘సపరివారంగా విచ్చేసి వధూవరులను ఆశీర్వదించ ప్రార్థన’ అనాలి. పిలిచేవారు తమ సంతకం దగ్గర తమకే గారు తగిలించుకోకూడదు. యంత్రం మాత్రం గౌరవం పేరిట అక్కడా పెట్టేయగలదు. ఈ దిశలో యంత్రాన్ని వేదిక, దారి వివరాలకే వాడుకుని, పిలుపు వాక్యం మాత్రం తెలుగు వచ్చినవారి చేత రాయించాలి.

ముహూర్తం దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మారుతుంది. ‘శనివారం రాత్రి 2.36 ని.లకు, తెల్లవారితే ఆదివారం’ అన్నది ఇంగ్లీషులో ఆదివారం తెల్లవారుజాము 2.36. శనివారం అనే ఉంచితే, అది చదివినవారు ఒక రోజు ముందే వచ్చి మండపం తలుపు తడతారు. తేదీలో నెలను అంకెలో వేయకండి. 3-5 అన్నది ఇండియాలో మే 3, అమెరికాలో మార్చి 5.

అచ్చుకు వెళ్లేముందు ప్రూఫును పీడీఎఫ్‌గా తెప్పించుకుని శ్రీ, లక్ష్మీ, జ్యేష్ఠ అన్న మాటలు పెద్దవి చేసి చూడండి. వత్తులు విడిపోతే మొదట విరిగేవి ఇలాంటివే. తర్వాత రెండు వైపుల నుంచీ చెరొక పెద్దవారికి ఫోన్లో రెండు లేఖలూ పేరు పేరునా చదివి వినిపించండి. కీర్తిశేషులు ఎవరి పేరు ముందు ఉండాలో, ఎవరి పేరు ముందు ఉండకూడదో వారినే అడిగి తెలుసుకోండి.