పీరియడ్ లీవ్ ఉండంగ సిక్ లీవ్ ఎందుకు పెడ్తున్నరు?

మడికొండ ఐటీ పార్కుల నా పక్క సీటు పిల్ల మొన్న కడుపు పట్టుకొని కూసుంది. ఇంటికి పో అంటే, 'సిక్ లీవ్ పెట్టిన అక్కా, కడుపు నొప్పి అని రాసిన' అన్నది. మా పోర్టల్‌ల క్యాజువల్, సిక్, ఈఎల్ కింద నాలుగో వరుసల పీరియడ్ లీవ్ అని ఉంటది. నెలకు ఒకటి, జీతంతోని, సర్టిఫికెట్ అడగరు. వాడకుంటే నెలాఖరుకు పోతది.

ఆ పిల్లను ఏం అంట, నేనూ గట్లనే చేసిన. పోయినేడాది జనవరి నుంచి జూలై దాక నెలకో సిక్ లీవ్ తీసిన. సాలుకు మాకిచ్చేదే ఎనిమిది. ఆగస్టుల డెంగీ వచ్చి హన్మకొండల ఆసుపత్రిల పడ్డ. ఆఫీసుకు ఆరు రోజులు పోలేదు. మిగిలిన సిక్ లీవ్ ఒక్కటి. ఈఎల్ అంతా అక్క పెళ్లికి ఊడ్చేసిన. ఐదు రోజుల జీతం కోసిన్రు. వాడని పీరియడ్ లీవులు ఏడు అప్పటికే పోయినయి. హెచ్‌ఆర్‌ను అడిగితే, ఆ నెల లీవైతే పేరోల్ మూసేలోపు మార్చొచ్చు గని, పాత నెలలయి తిరగ్గొట్టరాదు అన్నది. ఆమె తప్పేం లేదు, పెట్టింది నేనే కద.

ఇప్పుడు పొద్దున్నే పోర్టల్‌ల ఆ వరుసనే నొక్కుత. కారణం డబ్బాల 'పీరియడ్ లీవ్' అని రెండు ముక్కలే. మా లీడ్‌కు మెసేజ్: 'అన్నా, ఇయ్యాల పీరియడ్ లీవ్‌ల ఉన్న. టెస్టింగ్ ఫైల్ షేర్ చేసిన, అర్జెంట్ అయితే నలుగురి గ్రూపుల అడుగుండ్రి.' సారీ అని రాయ, నొప్పి ఎంతుందో చెప్ప. అది డాక్టర్‌కు చెప్పుకునేది. మొదటిసారి పంపినప్పుడు చేతులు వణికినయి, అబద్ధం ఎందుకు. ఆయన 'ఓకే' అన్నడు, అంతే. ఒక్కటి మాత్రం చూసుకోండ్రి: టీం క్యాలెండర్‌ల లీవ్ పేరు అందరికి కనవడ్తదా, ఊరికె 'లీవ్' అని వస్తదా. మాకు పేరు కనవడుతుండె. అడిగితే తీసేసిన్రు.

ఇది మా కంపెనీ పాలసీ, చట్టం కాదు. కర్ణాటకల 2025ల నెలకో రోజు జీతంతోని లీవ్ ఇయ్యాలని ప్రైవేటు కంపెనీలకు సుత ప్రభుత్వం చెప్పింది. సుప్రీంకోర్టు 2024ల ఇది ప్రభుత్వాలు తేల్చాల్సిన విధానం అన్నది. గట్ల కచ్చితం చేస్తే ఆడోళ్లను ఉద్యోగాలల్ల తీసుకోరేమో అని సుత అన్నది. ఆ భయం నాకూ ఉంది, లేదనను. గని పాలసీ రాసి పెట్టినంక సిక్ లీవ్‌ల దాచుకుంటే, 'ఎవ్వరు వాడ్తలేరు' అని రేపు లెక్క చూపెడ్తరు.

నెలనెలా ఒక్క రోజు చాలక, గోళీ వేసుకున్నా లేవలేకపోతుంటే అది లీవ్ ముచ్చట కాదు, గైనిక్ దగ్గరికి పోవుడే.

ఆ పిల్ల లీవ్ ఇంకా అప్రూవ్ కాలేదు. క్యాన్సిల్ కొట్టిచ్చి నాలుగో వరుసల మళ్ల పెట్టిచ్చిన. రెండు నిమిషాలు పట్టింది.