సగం నిజమైన విమర్శ
“అమెరికా సోషల్ సెక్యూరిటీ నిధిలో ఉన్నవి ఉత్త కాగితాలే.” ఉద్యోగుల జీతాల మీది పన్నుతో వృద్ధులకు పింఛను ఇచ్చే ఆ పథకంపై వినిపించే ఈ మాటలో సగమే నిజం ఉంది. 1983లో ఆ పథకం చట్టానికి చేసిన సవరణల తరువాత, అప్పటికి ఉద్యోగాల్లో ఉన్న, సంఖ్యలో పెద్దదైన తరం చెల్లించిన పన్ను ఆనాటి పింఛన్లకు పోగా మిగులుతూ వచ్చింది. ఆ మిగులును ప్రభుత్వ హామీ ఉన్న బాండ్లలోనే పెట్టాలని చట్టం చెబుతుంది. ఈ నిధి కోసమే జారీ చేసే బాండ్లు మార్కెట్లో అమ్ముడుపోవు, గడువుకు ముందే నగదు చేసుకున్నా అసలు సొమ్ము తగ్గదు. కనుక షేర్లు పడిపోయిన ఏడాదిలో నష్టానికి అమ్ముకోవలసిన అవస్థ ఉండదు. 2010 నుంచి పన్ను వసూళ్లు ఖర్చుకు చాలనప్పుడు మొదట వడ్డీ, 2021 నుంచి అసలు కూడా ఆ లోటును పూడుస్తున్నాయి. అయితే బాండుకు నగదు ఇవ్వవలసిన ఖజానా ఆ సొమ్మును పన్నుల నుంచో, కొత్త అప్పు నుంచో, ఇతర ఖర్చుల కోత నుంచో తేవాలి (విమర్శలోని నిజం ఇక్కడే ఉంది). వృద్ధుల పోషణ భారం తగ్గదు, దాన్ని సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. అక్కడి మన తెలుగు ఉద్యోగుల్లో చాలామంది జీతం నుంచి కోసే 6.2 శాతమూ ఈ లెక్కలోదే. 2030ల నడుమకు నిధి ఖాళీ కావచ్చని ధర్మకర్తల అంచనా, కానీ అప్పుడు కూడా వస్తూ ఉండే పన్నులతోనే నిర్ణీత పింఛనులో సుమారు నాలుగింట మూడు వంతులు చెల్లించగలరు.