కార్డు మార్చినా డబ్బులు ఎందుకు పోతున్నాయి? మా పిన్ని పాస్‌బుక్ చెప్పిన సంగతి

మా పిన్నిది కావలి. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఫిబ్రవరిలో నెల్లూరు నుంచి ఇంటికి వస్తుంటే బస్సులో పర్సు పోయింది, అందులో ఏటీఎం కార్డు ఉంది. ఆ సాయంత్రమే బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించింది. మార్చి మొదట్లో కొత్త కార్డు చేతికొచ్చింది. నంబరు వేరు, గడువు తేదీ వేరు, వెనక మూడంకెలు వేరు. అప్పుడు నాతో ఫోన్‌లో ఒక మాట అనింది: "పర్సు పోతే పోయిందిలే అబ్బయ్యా, నెలనెలా డబ్బులు లాక్కునే ఆ యాప్‌ల పీడ కూడా దాంతోనే పోయింది."

పోలేదు. సెప్టెంబరు చివర్లో ఊరికి వెళ్లినప్పుడు పాస్‌బుక్ ప్రింట్ చేయించుకొచ్చి నా ముందు పెట్టింది. "కార్డే లేదు గదా, మరి యాడ నుంచి తీస్తా ఉండారు?" అని అడిగింది. బ్యాంకులో ఎవరూ ఆమెకు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఈ పోస్టు రాస్తున్నది ఆ జవాబు కోసమే. ఇదే నమ్మకంతో ఉన్నవాళ్లు మన వైపు ఇంకా చాలామంది ఉన్నారు.

ముందు లెక్క చూడండి. తమ్ముడి కోసం పెట్టిన స్పోకెన్ ఇంగ్లిష్ యాప్‌కు ప్రతి నెలా 5వ తేదీన 499 రూపాయలు. మార్చి నుంచి జూలై వరకు అయిదుసార్లు పోయాయి, అంటే 2,495. డబ్బుంటేనే కదా తీస్తారని ఆగస్టు, సెప్టెంబరుల్లో పిన్ని 4వ తేదీకే ఖాతా ఖాళీ చేసింది. దాంతో ఇంకో దెబ్బ తగిలింది. డబ్బు లేక వెనక్కి తిరిగినందుకు బ్యాంకు ఒక్కోసారికి 250, దానిమీద జీఎస్టీ 45, కలిపి 295 వేసింది. రెండుసార్లకు 590. ఇవి కాక సీరియళ్ల యాప్ ఒకటి ప్రతి నెలా 20వ తేదీన 149 చొప్పున ఏడు నెలలు తీసింది, 1,043. మొత్తం 4,128 రూపాయలు. అంత డబ్బుకు సరిపడా జాకెట్లు కుట్టడానికి ఆమె ఎన్ని రాత్రులు మిషన్ మీద కూర్చుందో నాకు తెలుసు. అందుకే ఇంత కోపం.

ఆ రెండు కోతల్లో ఒక్కటి కూడా కార్డు మీదుగా పోవడం లేదు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

499 వరసలో పాస్‌బుక్‌లో ACH D అని, దాని పక్కన కంపెనీ పేరు ఉన్నాయి. బ్యాంకును బట్టి ఈ అక్షరాలు కొంచెం మారతాయి, కొన్నింట్లో NACH అని వస్తుంది. ఆ మాట కనిపించిందంటే అది నాచ్ మ్యాండేట్, అంటే ఖాతాలోంచి నెలనెలా డబ్బు తీసుకోవడానికి మనం ఇచ్చిన అనుమతి. ఆన్‌లైన్‌లో ఇస్తే దాన్నే ఈ-నాచ్ అంటారు. ఇంటి లోన్ కంతులు, చిట్టీలు, ఇన్సూరెన్సు ప్రీమియాలు తీసుకునే పద్ధతే. యాప్‌లో చేరేటప్పుడు "మొదటి వారం ఒక్క రూపాయే" అంటే పిన్ని డెబిట్ కార్డు వివరాలు కొట్టి ఓటీపీ ఇచ్చింది. కార్డుతో రూపాయి కట్టానని అనుకుంది. నిజానికి ఆ పేజీలో కార్డు చేసిన పని సంతకం పెట్టడం. ఈ ఖాతా నాదే, ఇందులోంచి నెలనెలా తీసుకోవడానికి ఒప్పుకుంటున్నాను అని చెప్పడానికి కార్డును గుర్తింపుగా వాడారు. సంతకం అయ్యాక ఆ కార్డుతో పని లేదు. మ్యాండేట్ ఖాతా నంబరును పట్టుకుని కూర్చుంటుంది. కార్డు పోయినా, గడువు తీరినా, ముక్కలు చేసి పారేసినా ఖాతా నంబరు మారదు కదా. సంతకం పెట్టిన పెన్ను పోయినంత మాత్రాన ప్రోనోటు చెల్లకుండా పోతుందా?

బ్రాంచిలో ఆ మ్యాండేట్ వివరాలు తీయించి చూస్తే నాకు ఇంకో రెండు సంగతులు కనిపించాయి. నెలకు తీసేది 499 అయినా, అందులో రాసుకున్న గరిష్ఠ మొత్తం 5,000. అంటే రేపు కంపెనీ రేటు పెంచినా పిన్నిని మళ్లీ సంతకం అడగక్కర్లేదు. ముగింపు తేదీ పాతికేళ్ల తర్వాత ఉంది. తమ్ముడిప్పుడు ఆరో తరగతి. ఈ రెండూ చేరిన రోజు స్క్రీన్ మీద ఉండే ఉంటాయి. చిన్న అక్షరాల్లో, ఇంగ్లిష్‌లో, ఒక్క రూపాయి అన్న పెద్ద అక్షరాల కింద. ఇంగ్లిష్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల చేత ఇంగ్లిష్‌లో పాతికేళ్ల పత్రం మీద సంతకం పెట్టించుకోవడాన్ని నేను వ్యాపారం అనను.

ఇక 149. అది యూపీఐ ఆటోపే. పిన్ని ఎప్పుడో ఒకసారి యూపీఐ పిన్ కొట్టి ఒప్పుకుంది. అది కూడా ఖాతాకూ యూపీఐ ఐడీకీ కట్టిన ముడి, కార్డు ఊసే లేదు. ఫోన్‌లోంచి ఆ సీరియళ్ల యాప్‌ను ఏప్రిల్‌లోనే తీసేశానని చెప్పింది. యాప్ తీసేస్తే ఫోన్‌లో జాగా ఖాళీ అవుతుంది, అంతే. ఒప్పందం అట్టాగే ఉంటుంది.

కార్డు, యూపీఐ, వాలెట్ల మీద నడిచే ఇలాంటి కోతలకు రిజర్వు బ్యాంకు నియమం ఒకటుంది. 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమల్లోకి వచ్చింది. డబ్బు తీయడానికి కనీసం 24 గంటల ముందు ఎవరు, ఎంత, ఎప్పుడు తీస్తున్నారో చెప్పాలి. వద్దనుకుంటే ఆపుకునే దారి చూపాలి. పిన్ని ఫోన్‌లో ఆ మెసేజీలు ఏడూ ఉన్నాయి, ఒక్కటీ తెరవలేదు. ఆమెను తప్పుపట్టలేను, రోజుకు ఇరవై లోన్ మెసేజీలు వచ్చే ఫోన్ అది. అయితే ఈ నియమం ఈ-నాచ్‌కు వర్తించదు. అందుకే 499 గురించి ముందస్తు మెసేజీ కోసం ఎంత వెతికినా దొరకలేదు, పోయాక వచ్చినవే ఉన్నాయి.

మరి నిజంగా కార్డు మీదే నడిచే చందాల సంగతేంటి? అవైనా కార్డు మార్చగానే ఆగుతాయా? అదీ నమ్మకండి. 2022 అక్టోబరు 1 నుంచి మన దేశంలో దుకాణాలు, యాప్‌లు కార్డు నంబరు దాచుకోకూడదు. దానికి బదులు టోకెన్ అనే మారు నంబరు పెట్టుకుంటాయి. కార్డు మారినప్పుడు పాత దుకాణాలన్నింటినీ కొత్త కార్డుకు కలపాలంటే బ్యాంకు మన దగ్గర స్పష్టంగా అనుమతి తీసుకోవాలి. నియమం మంచిదే. చిక్కల్లా ఆ అనుమతి అడిగే చోట. కొత్త కార్డు యాక్టివేట్ చేసే హడావుడిలోనే ఆ పేజీ రావచ్చు, మనం సరే సరే అని నొక్కుకుంటూ పోతాం. అక్కడ సరే అంటే పాత జాబితా మొత్తం కొత్త కార్డు మీదకు ఎక్కుతుంది. ఆ పేజీ దగ్గర ఆగి చదవండి. ఇప్పటికే నొక్కేసి ఉంటే, మీ కార్డును ఎవరెవరు టోకెన్‌గా పెట్టుకున్నారో చూపించి తీసేసే వీలు బ్యాంకు ఇచ్చి తీరాలి. యాప్‌లోనో, నెట్ బ్యాంకింగ్‌లోనో, బ్రాంచిలోనో అడగండి.

అమెరికాలో ఉన్న పిల్లలకైతే ఇంకో రకం. మా బాబాయి కొడుకు అక్కడ జిమ్ మానేసి, కార్డు కూడా మార్పించుకున్నాడు. అయినా కొత్త కార్డు మీద జిమ్ ఫీజు పడింది. అక్కడ వీసాకు అకౌంట్ అప్‌డేటర్ అని, మాస్టర్‌కార్డ్‌కు ఆటోమేటిక్ బిల్లింగ్ అప్‌డేటర్ అని సేవలున్నాయి. బ్యాంకు కొత్త నంబరును, గడువు తేదీని వాటికి ఇస్తుంది, దుకాణం వాటి దగ్గర తెచ్చుకుంటుంది. మనం ఎవరికీ నంబరు చెప్పక్కర్లేదు. నా కార్డును ఆ సేవలో పెట్టొద్దని బ్యాంకును అడగొచ్చు, వాడు అడిగి తీయించుకున్నాడు.

ఇప్పుడు పిన్నివి ఎలా తెంచామో చెప్తాను. వరస ముఖ్యం. మొదట ఇంగ్లిష్ యాప్‌ను మళ్లీ ఎక్కించి, లోపలికి వెళ్లి చందా రద్దు చేశాం. రద్దయినట్టు వచ్చిన మెయిల్‌ను తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టాం. మ్యాండేట్‌ను ముందే తెంచేస్తే డబ్బు ఆగుతుంది కానీ, కంపెనీ పుస్తకంలో మీరింకా చందాదారే. బాకీ ఉందని ఫోన్లు చేస్తారు. అందుకని ముందు చందా, తర్వాత మ్యాండేట్.

మర్నాడు బ్రాంచికి వెళ్లాం. కొన్ని బ్యాంకుల యాప్‌లో మ్యాండేట్ల జాబితా ఉండి అక్కడే రద్దు చేయొచ్చు, పిన్ని బ్యాంకులో అది లేదు. కౌంటర్‌లో అబ్బాయి, "కంపెనీ వాళ్లనే అడగండమ్మా, మా చేతిలో లేదు" అన్నాడు. చాలామంది ఇక్కడే వెనక్కి వచ్చేస్తారు. ఖాతా మనది, ఒప్పుకున్నది మనం, ఒప్పుకోలు వెనక్కి తీసుకునే హక్కూ మనదే. ప్రతి మ్యాండేట్‌కు UMRN అనే 20 అక్షరాల గుర్తింపు నంబరు ఉంటుంది. అది రాసి, కంపెనీ పేరు, మొత్తం రాసి, ఈ మ్యాండేట్ రద్దు చేయమని కాగితం ఇచ్చాం. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకున్నాం. "ఈ ఒక్క నెలకు ఆపమంటారా, పూర్తిగా రద్దా?" అని మేనేజర్ అడిగారు. ఆ తేడా గుర్తుంచుకోండి. ఒక్క నెలకే ఆపితే వచ్చే నెల 5న మళ్లీ తలుపు తడుతుంది.

149 పని అయిదు నిమిషాల్లో అయింది. సీరియళ్ల యాప్ చందాను రద్దు చేసి, యూపీఐ యాప్‌లో Autopay అన్న చోటికి వెళ్లి, దాన్ని ఎంచుకుని రద్దు నొక్కి పిన్ కొట్టాం. మీ ఫోన్‌లో రెండు మూడు యూపీఐ యాప్‌లుంటే అన్నింట్లోనూ చూడండి.

ఒక్క జాగ్రత్త. ఆ జాబితాలో లోన్ కంతు, ఇన్సూరెన్సు కూడా ఉంటాయి. ఊపులో వాటిని తెంచారంటే కంతు తప్పి వడ్డీ, జరిమానా మీద పడతాయి.

చందా రద్దు చేశాక కూడా డబ్బు తీస్తే, ఆ మెయిల్ తేదీ పెట్టి బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. రద్దుకు ముందు పోయినవి మాత్రం రావడం కష్టం, అవి మనం ఒప్పుకున్న మ్యాండేట్ కింద పోయినవే కాబట్టి. పిన్ని పోగొట్టుకున్న 4,128లో బ్యాంకు ఒక 295 మాత్రం అడగ్గా అడగ్గా వెనక్కి వేసింది.

బ్యాంకుల వాళ్లను నేను అడిగేది ఒక్కటే. కొత్త కార్డు కవరులో పిన్ కాగితంతో పాటు ఇంకో కాగితం పెట్టండి, తెలుగులో. ఈ ఖాతా మీద నడుస్తున్న మ్యాండేట్లు ఇవి, కార్డు మార్చినా ఇవి ఆగవు, ఆపాలంటే ఈ నంబర్లు రాసివ్వండి అని. ఆ జాబితా మీ కంప్యూటర్లో ఉంది. మేము అడిగితే రెండు నిమిషాల్లో తీసి చూపించారు కదా.

నిన్న అక్టోబరు 5. పొద్దున నుంచి పిన్ని ఫోన్ పక్కనే పెట్టుకుని జాకెట్లు కుట్టిందట. రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసి, "రాలేదు అబ్బయ్యా" అనింది. 20న రెండోది కూడా చూసుకుని చెప్తానంది.