మూతపడిన స్టార్టప్‌ను రెజ్యూమెలో ఎలా రాయాలి: రాయగడ కుర్రాడి లెక్క

రాయగడలో మా వీధి కుర్రాడు ఒకడు కిరాణా, కూరగాయలు ఇంటికి తెచ్చిచ్చే చిన్న కంపెనీ పెట్టి రెండేళ్లకు పైగా నడిపి మూసేశాడు. ఆ తర్వాత విశాఖలో ఉద్యోగానికి రెజ్యూమె రాసుకుని నాకు చూపించాడు. కంపెనీ గురించి రాసింది ఒకే వాక్యం: ‘నిధుల కొరత వల్ల మూతపడింది.’

అది అబద్ధం కాదు, కానీ ఆ వాక్యంలో ఏమీ లేదు. చాలా కంపెనీలు మూతపడేది డబ్బు అయిపోయే, ఎందుకు అయిపోయిందన్నదే చదివేవాడికి కావాలి. అదే అడిగితే వాడు ఫోన్‌లో పాత లెక్కలు తీశాడు. సగటు బిల్లు రూ.350, అందులో మిగిలేది 12 శాతం, అంటే రూ.42. డెలివరీ కుర్రాడికి ఇచ్చేదీ పెట్రోలూ కలిపి ఆర్డరుకు రూ.48 (జేకేపూర్ వైపు వెళ్లాల్సినవీ కలిపి సగటున). అంటే ఒక్కో ఆర్డరుకు రూ.6 పోతోంది, ఆర్డర్లు ఎంత పెరిగితే నష్టం అంత పెరుగుతుంది. ఈ సంగతి వాడికి 2021 జూన్‌లోనే తెలిసింది, కానీ కనీస బిల్లు రూ.500 అని పెట్టింది 2022 ఫిబ్రవరిలో. జనం పోతారేమోనన్న భయంతో ఎనిమిది నెలలు ఆగాడు. పెట్టాక రోజుకు 60 ఉన్న ఆర్డర్లు 35కి పడ్డాయి, కానీ ఒక్కోదానిపై రూ.12 మిగలడం మొదలైంది. నెలకు అది సుమారు రూ.12,600. గోడౌన్ అద్దె, సరుకు కట్టేవాళ్ల జీతాలు కలిపి రూ.38,000. ఇక చాలదని వాడికే అర్థమై, 2022 నవంబర్‌లో ఆపేశాడు.

రెజ్యూమెలో ఉండాల్సింది ఇదీ. వాడితో కూర్చుని ఇంగ్లిష్‌లో రాసినదాని సారం తెలుగులో చెబుతాను:

‘వ్యవస్థాపకుడు, ఆపరేషన్స్. రాయగడ, జూలై 2020 – నవంబర్ 2022. కిరాణా డెలివరీని సున్నా నుంచి రోజుకు 60 ఆర్డర్ల దాకా తెచ్చాను. ఆర్డరుకు రూ.6 నష్టాన్ని కనీస బిల్లు మార్చి రూ.12 లాభానికి తెచ్చాను, ఆ మార్పు ఎనిమిది నెలలు ఆలస్యంగా చేశాను. నెలవారీ ఖర్చులు తేలవని లెక్క చూసుకుని మూసివేత నిర్ణయం తీసుకున్నాను, సరుకు ఇచ్చిన వ్యాపారుల బాకీలు, సిబ్బంది జీతాలు పూర్తిగా చెల్లించాను.’

‘ఆలస్యంగా చేశాను’ అన్న ముక్క తీసేద్దామని వాడు గట్టిగా పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. తప్పు ఎవరిదో, ఎన్ని నెలలు పట్టిందో తనే చెప్పినవాణ్ని ఎదుటివాడు ఇంకా తవ్వాల్సిన పని తగ్గుతుంది. పార్ట్‌నర్‌తో కలిసి చేసినవాటికి ‘మేము’, సొంతంగా తీసుకున్న నిర్ణయాలకు ‘నేను’ అని రాయించాను, ఎందుకంటే ఇంటర్వ్యూలో మొదట అడిగేది ఇందులో నువ్వు చేసిందేమిటనే. పైన మొదట ‘సీఈఓ’ అని ఉంది, ఐదుగురున్న కొట్టుకు ఆ పేరు బరువు, అది తీసేయించాను. ‘అన్ని అప్పులూ తీర్చాను’ అని కూడా రాశాడు, కానీ వాళ్ల మావయ్య దగ్గర సొంతంగా తెచ్చిన రూ.2 లక్షలు ఇంకా తీరలేదు. అందుకే వ్యాపారులు, సిబ్బంది అని మాత్రమే ఉంచాం, ఇంటి అప్పు రెజ్యూమెలో రాయాల్సింది కాదు.

తేదీల దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే షట్టర్ దించిన రోజున కాగితాల మీద మూతపడదు. పని మొదలుపెట్టిన కంపెనీ పేరు రిజిస్టరు నుంచి కొట్టివేయమని ఎస్‌టీకే-2 ఫారం వేయాలంటే ముందటి రెండు ఆర్థిక సంవత్సరాలు వ్యాపారం జరిగి ఉండకూడదు, కంపెనీ పేరిట బాకీలేవీ మిగలకూడదు. వీడి విషయంలో 2022 నవంబర్‌లో ఆగినా, ఆ రెండు ఆర్థిక సంవత్సరాల లెక్క 2023 ఏప్రిల్‌లో మొదలై 2025 మార్చి చివరికి గానీ పూర్తికాలేదు. ఈలోగా కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీ ‘యాక్టివ్’ అనే కనిపిస్తుంది, డైరెక్టర్‌గా వీడి పేరూ ఉంటుంది, ఎవరైనా చూడవచ్చు. ఆ మధ్యలో ఏటా వార్షిక పత్రాలూ దాఖలు చేస్తూనే ఉండాలి, వరుసగా మూడేళ్లు మానేస్తే ఐదేళ్ల దాకా డైరెక్టర్‌గా అనర్హత పడుతుంది. అందుకని పని తేదీ ఆఖరి ఆర్డరుతో ముగించి, కింద ‘చట్టపరమైన మూసివేత ప్రక్రియలో ఉంది’ అని ఒక్క లైను పెట్టాం.

విశాఖ ఇంటర్వ్యూలో ఆ లైను మీదే ప్రశ్న వచ్చిందట, ఇంకా డైరెక్టర్‌వేనా, మా దగ్గర చేరాక అటు పని చేస్తావా అని. అవును, పేరుంది, కానీ వ్యాపారం లేదు, ఆఖరి జీఎస్టీ రిటర్న్ కూడా వేసేశానని రసీదు చూపించాడు. తర్వాత అరగంటసేపు ఆ రూ.6 గురించే మాట్లాడుకున్నారట.