మొదటి పరీక్షతోనే ఆగిపోకూడదు

హెపటైటిస్ సి యాంటీబాడీ పరీక్షలో 'రియాక్టివ్' అని వచ్చినంత మాత్రాన ఆ మనిషి ఒంట్లో ఇప్పుడు వైరస్ ఉందని చెప్పలేం. ఎప్పుడో ఒకప్పుడు ఆ వైరస్ రక్తంలోకి వచ్చిందని, దాన్ని ఎదిరించడానికి శరీరం ప్రతిరక్షకాలను, అంటే యాంటీబాడీలను, తయారుచేసుకుందని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది. సోకినవారిలో దాదాపు 30 శాతం మందిలో వైరస్ ఏ మందూ లేకుండానే ఆరు నెలల్లోపు వదిలిపోతుంది. అయినా ప్రతిరక్షకాలు ఏళ్ల తరబడి, చాలామందిలో జీవితాంతం, రక్తంలో ఉండిపోతాయి. వైరస్ ఇప్పుడు ఉందో లేదో తేల్చేది దాని జన్యుపదార్థాన్ని వెతికే ఆర్ఎన్ఏ పరీక్ష. అందువల్ల యాంటీబాడీ రియాక్టివ్‌గా తేలిన ప్రతి నమూనాకూ, రోగిని మళ్లీ పిలవకుండా, అదే రోజు తీసిన రక్తంతోనే ఆర్ఎన్ఏ పరీక్ష కూడా పూర్తిచేసే పద్ధతి ప్రతిచోటా అమలు కావాలన్నది మా అభిప్రాయం. రెండోసారి రక్తం ఇవ్వడానికి రమ్మన్నప్పుడు కొందరు తిరిగి రారు. ఏ బాధా తెలియనివ్వకుండా కాలేయాన్ని ఏళ్లకేళ్లు గట్టిపరిచే ఈ జబ్బులో అలా జారిపోయినవారిలో కొందరు మళ్లీ ఆసుపత్రికి వచ్చేది కడుపులో నీరు చేరాకే.

యాంటీబాడీ నెగెటివ్‌గా వచ్చినా కొన్ని సందర్భాల్లో నిశ్చింతగా ఉండలేం. వైరస్ సోకిన ఒకటి రెండు వారాల్లోనే ఆర్ఎన్ఏ కనిపిస్తుంది గానీ, ప్రతిరక్షకాలు బయటపడడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. కలుషితమైన సూది ఇటీవలే గుచ్చుకున్నవారికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి నేరుగా ఆర్ఎన్ఏ పరీక్షే చేయాలి.

యౌవనంలో, దాతల రక్తానికి ఈ పరీక్ష ఇంకా రాని రోజుల్లో, రక్తం ఎక్కించుకున్న ఒక మధ్యవయస్కుణ్ణి ఉదాహరణగా తీసుకుందాం. యాంటీబాడీ రియాక్టివ్, ఆర్ఎన్ఏ మిల్లీలీటరుకు 12 లక్షల యూనిట్లు. ఆ అంకె చూసి బెదిరిపోనక్కర్లేదు. కాలేయం ఎంత చెడిందన్నది వైరస్ సంఖ్యను బట్టి తెలియదు. దాన్ని అంచనా వేయడానికి ఒక సులువైన లెక్క ఉంది. కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఏఎస్‌టీ ఎంజైమ్‌ను దాని సాధారణ గరిష్ఠ స్థాయితో భాగించి, వందతో హెచ్చవేసి, వచ్చినదాన్ని వేలల్లో చెప్పిన ప్లేట్‌లెట్ల సంఖ్యతో భాగించాలి. ఇతనికి ఏఎస్‌టీ 48, గరిష్ఠ స్థాయి 40, ప్లేట్‌లెట్లు 2 లక్షల 40 వేలు అయితే లెక్క 0.5 వస్తుంది. ఒకటి కంటే తక్కువ కాబట్టి కాలేయం మచ్చలు కట్టి గట్టిపడిపోయే సిర్రోసిస్ ఉండే అవకాశం తక్కువ.

ఇతనికి సోఫోస్‌బువిర్ 400 మిల్లీగ్రాములు, వెల్పటాస్విర్ 100 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర రోజుకొకటి చొప్పున 12 వారాలు, అంటే మొత్తం 84 మాత్రలు సరిపోతాయి. మొదటి మందు వైరస్ తన ఆర్ఎన్ఏకు నకళ్లు తీసుకునే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. రెండోది ఆ పనికి అవసరమైన మరో ప్రోటీన్‌ను పనిచేయనివ్వదు. హెపటైటిస్ బి వైరస్‌లా ఇది కణకేంద్రకంలో స్థావరం ఏర్పరచుకోదు కనుక, నకళ్లు ఆగిపోతే నశించిపోతుంది. నూటికి 95 మందికి పైగా నయం కావడానికి కారణం ఇదే.

మాత్రలు మొదలుపెట్టేముందు మాత్రం రెండు విషయాలు చూడాల్సిందే. హెపటైటిస్ బి కూడా ఉన్నవారిలో, సి వైరస్ అణిగాక బి విజృంభించే ప్రమాదం ఉంది కాబట్టి ఆ పరీక్ష ముందే చేయాలి. రోగి వాడే ఇతర మందులన్నీ అడిగి తెలుసుకోవాలి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్ ఈ మాత్రల బలాన్ని రక్తంలో పడగొడతాయి. గుండె లయ కోసం అమియోడరోన్ వాడేవారిలో సోఫోస్‌బువిర్ వల్ల గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. కడుపులో మంటకు ఎవరినీ అడగకుండా వేసుకునే ఆమ్లం తగ్గించే మాత్రలు సైతం వెల్పటాస్విర్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఈ సంగతి రోగికి విడిగా చెప్పకపోతే అతనికై అతను వైద్యుడితో ప్రస్తావించడు.

చివరి మాత్ర వేసుకున్న రోజున వైరస్ కనిపించకపోయినా జబ్బు నయమైనట్టు కాదు. ఆ తర్వాత 12 వారాలు ఆగి చేసిన ఆర్ఎన్ఏ పరీక్షలోనూ వైరస్ లేదని తేలితేనే నయమైనట్టు లెక్క. మందులు అయిపోగానే హాయిగా ఉందని చాలామంది ఈ పరీక్షను వదిలేస్తున్నారు. మాత్రల చివరి విడత ఇచ్చేటప్పుడే ఆ పరీక్ష తేదీని చీటీ మీద రాసి ఇవ్వాలని మేము కోరుతున్నాం. నయమైన వ్యక్తికి యాంటీబాడీ పరీక్ష మళ్లీ చేస్తే మళ్లీ రియాక్టివ్ అనే వస్తుంది. శస్త్రచికిత్సకు ముందో, ఉద్యోగ వైద్యపరీక్షలోనో ఆ ఒక్క కాగితం చూసి అతన్ని రోగిగా ముద్రవేయడం అన్యాయం. అక్కడ అడగాల్సింది ఆర్ఎన్ఏ నివేదిక. మళ్లీ వైరస్ సోకిందా అని చూడాలన్నా ఆ పరీక్షే చేయాలి. చికిత్సకు ముందే సిర్రోసిస్ వచ్చినవారికి మాత్రం వైరస్ పోయినా కాలేయ క్యాన్సర్ ముప్పు పూర్తిగా పోదు కనుక, ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ కొనసాగించాలి.