దొర్లిన పొరపాటుకి సంతకం ఎవరిది?

తెలుగులో ఆఫీసుల పాలిటి కల్పవృక్షం లాంటి క్రియాపదం ఒకటుంది. దొర్లింది. పొరపాటు ఎవరూ చెయ్యరు, దానంతటదే దొర్లుతుంది. సంతలో బండి మీంచి వంకాయ దొర్లినట్టు, ఎవరి చెయ్యీ తగలకుండా, పొరపాటు దొర్లుకుంటూ వచ్చి క్లయింటు కాళ్ళ దగ్గర ఆగుతుంది. మనం కూడా వంగి చూసి, 'అయ్యయ్యో, ఇదెక్కణ్ణుంచి వచ్చిందండీ?' అని ఆశ్చర్యపోవచ్చు.

ఈ పదానికి మా ఆఫీసు ఎంతో ఋణపడి ఉంది. పర్లాకిమిడిలో రెండు గదుల్లో, నలుగురు మనుషులతో నడిచే జీఎస్టీ లెక్కల ఆఫీసు మాది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీతకి ఇటు ఒడిశా వైపు మేము, అటు కూతవేటు దూరంలో ఆంధ్రలో పాతపట్నం. పెళ్ళి సంబంధాలకీ చింతపండుకీ ఆ గీత ఎప్పుడూ అడ్డు రాలేదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక మాత్రం ఆ గీతకి కొత్తగా ప్రాణమొచ్చింది. ఇటు వాళ్ళ జీఎస్టీ నంబరు 21తో మొదలవుతుంది, అటు వాళ్ళది 37తో. ఇటు వాడు ఇటు వాడికి అమ్మితే పన్ను సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. గీత దాటితే మొత్తం ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటిన అమ్మకాల మీద పన్ను. సరుకు అదే, ఆటో అదే, ఆటోవాడు కూడా అదే మనిషి.

మా క్లయింటు ఒక షావుకారుగారు. మే నెలలో గీతకి అటున్న పలాస ఫ్యాక్టరీకి 6 లక్షల రూపాయల జీడిపిక్కలు మూడు బిల్లుల మీద పంపారు. బిల్లుల్లో 5 శాతం లెక్కన 30,000 ఐజీఎస్టీ అని చక్కగా రాశారు. మా ఆఫీసు వాటిని రిటర్నులో 15,000 కేంద్రానికీ, 15,000 ఒడిశాకీ పంచిపెట్టింది. మొత్తం సరిపోయింది కదా అని మీరు అనొచ్చు. షావుకారుగారు కూడా మొదట అదే అన్నారు. అయితే అమ్మింది 21 వాడై, సరుకు చేరిన చోటు కూడా 21 అని ఉండి, కొన్నది 37 వాడైతే, కొన్నవాడికి నెలనెలా పోర్టల్లో తయారయ్యే 2బి అనే పట్టీలో ఆ పన్ను కనిపిస్తుంది కానీ, ఐటీసీ రాదు అనే గుంపులోకి వెళ్ళి కూర్చుంటుంది. ఐటీసీ అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుని తన పన్నులోంచి తగ్గించుకునే వీలు. పెళ్ళివారింట్లో విస్తరి కనిపిస్తూనే ఉంటుంది, వడ్డించేవాడు మాత్రం మనల్ని దాటుకుపోతాడు.

జూన్ 22న షావుకారుగారు ఫోన్ చేశారు. 'ఏటి బాబూ ఇది? పలాసవోడు ముప్పైవేలు ఆపేసినాడు. ఎవుల్దీ తప్పు?'

ఆ చివరి ప్రశ్నకి జవాబు రాయడానికి మా ఆఫీసులో రెండు రోజులు సాహిత్య గోష్ఠి నడిచింది. లెక్కలు పక్కన పెట్టి వ్యాకరణం పట్టుకున్నాం.

మొదటి చిత్తు ప్రతి మా పెద్దాయన రాశారు. 'సాంకేతిక కారణాల వల్ల చిన్న పొరపాటు దొర్లింది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.' చదవడానికి ఎంత హాయిగా ఉందో! రైల్వే స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నట్టుంది. సాంకేతిక కారణం ఏమిటని అడిగాను. 'కంప్యూటర్లోనే కదా జరిగింది' అన్నారు. 30,000 ఇరుక్కున్న మనిషికి అది 'చిన్న' పొరపాటని మనం కొలిచి చెప్పకూడదని ఆ మాట కొట్టేశాం. అది కొట్టేశాక మిగతాది కూడా నిలబడలేదు.

రెండో ప్రతిలో ఆప్యాయత పొంగింది. 'షావుకారుగారూ, మన వల్ల ఒక పొరపాటు జరిగింది.' ఇది నేనే రాశాను, ఒప్పుకుంటున్నాను. మేము, మనం అని రెండు వేరు వేరు మాటలున్న భాషలో పుట్టి, వాడవలసిన చోట కాని మాట వాడాను. మన పొరపాటు అంటే అందులో షావుకారుగారికీ వాటా ఉంటుంది. ఆయన ఐజీఎస్టీ అని సరిగ్గా రాసిచ్చిన పాపానికి మా తప్పులో భాగస్వామిని చేశాను. పది మందిలో బాధ్యత పంచుకోవడం వేరు, ఆ పదకొండో కుర్చీ నష్టపోయినవాడికి వెయ్యడం వేరు.

మూడో ప్రతి అందరికీ నచ్చింది, అందుకే అది అన్నిటికంటే ప్రమాదం. 'మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒక ఉద్యోగి తొందరపాటు వల్ల...' పేరు లేదు కదా! పేరు లేదు నిజమే. నలుగురున్న ఆఫీసులో కొత్తగా చేరింది ఒకరే. ఆ ఒక్కరే షావుకారుగారి గుమాస్తాకి వరసకి మరదలు. పేరు తప్ప ఇంటి నంబరు దగ్గర్నుంచి అన్నీ రాసేశాం. పైగా అది నిజమా అంటే, అదీ చెప్పను. ఆ ఎంట్రీ ఎవరి వేలు కొట్టిందో ఉత్తరంలో రాయని వాణ్ణి, ఇక్కడ మీకెలా చెప్తాను?

చెప్పదగిన విషయం వేరే ఉంది. పలాస ఫ్యాక్టరీ లెడ్జర్ తెరిచినప్పుడు మొదట్నుంచీ కొట్టే ఓపిక లేక, ఒక ఒడిశా పార్టీ లెడ్జర్ని కాపీ చేసి పేరూ, జీఎస్టీ నంబరూ మార్చాం. సరుకు చేరే రాష్ట్రం ఒడిశాగానే ఉండిపోయింది. అది ఒక వేలు. రిటర్ను వేసే ముందు నంబరు మొదటి రెండు అంకెలూ, పక్కన ఉన్న రాష్ట్రమూ కలుస్తున్నాయో లేదో చూడాల్సిన కళ్ళు రెండు. అవి మొత్తం కలిసిందని చూసి తృప్తి పడ్డాయి. జూన్ 11న ఓటీపీ కొట్టి పంపిన చెయ్యి నాది. 14న 2బి తయారైనప్పుడో, ఆ తర్వాతో ఎవరైనా ఒకసారి మళ్ళీ చూసుంటే, 20న పన్ను కట్టే 3బి రిటర్ను వేసేలోపు జీఎస్టీఆర్-1ఎ అనే ఫారంతో అదే నెలలో దిద్దుకునేవాళ్ళం, షావుకారుగారు ముప్పైవేలు రెండోసారి కట్టాల్సిన పని ఉండేది కాదు. 3బి వేసేశాక ఆ తలుపు మూసుకుంటుంది. కాబట్టి ఒక వేలు చేసిన తప్పుని మిగతా వేళ్ళన్నీ తొమ్మిది రోజుల పాటు జాగ్రత్తగా కాపాడాయి. మేము అని రాయడం మా ఉదారత ఏమీ కాదు. లెక్క వేస్తే వచ్చిన మొత్తం అది.

చివరికి వెళ్ళిన ఉత్తరం ఇది:

'షావుకారుగారికి నమస్కారం. మీరు మే నెలలో పలాస ఫ్యాక్టరీకి ఇచ్చిన మూడు బిల్లుల్లో ఐజీఎస్టీ సరిగ్గానే రాశారు. వాటిని మేము రిటర్నులో ఒడిశా అమ్మకంగా తప్పుగా ఎక్కించాము. పంపే ముందు సరిచూడటంలోనూ పట్టుకోలేకపోయాము. అందువల్ల వారికి 30,000 రూపాయల ఐటీసీ రాలేదు. తప్పు మాది, మీదీ కాదు, వారిదీ కాదు. ఈ ఉత్తరం వారికి చూపించవచ్చు.

జూలై 11లోగా వేసే జూన్ రిటర్నులో ఈ మూడు బిల్లులూ సవరిస్తాము. 14న వారి 2బిలో సరిగా వచ్చిందో లేదో చూసి, అదే రోజు మీకు ఫోన్ చేస్తాము. మీరు 30,000 ఐజీఎస్టీ కట్టవలసి ఉంటుంది, దీని మీద వడ్డీ పడదు. ముందు కట్టిన 30,000 రిఫండుకి మేము దరఖాస్తు వేస్తాము. పూర్తి దరఖాస్తు అందిన 60 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలని చట్టంలో ఉంది, అంతకంటే ముందు వస్తుందని మేము చెప్పలేము. ఈ పనులకి ఫీజు తీసుకోము. ఇకపై పార్టీ నంబరులో మొదటి రెండు అంకెలు, రాష్ట్రం కలిశాయని ఎంట్రీ చేసినవారు కాక ఇంకొకరు చూసి సంతకం పెట్టాకే రిటర్ను వెళ్తుంది.'

కింద నా సంతకం. బృందం, యాజమాన్యం లాంటి ముసుగులు వెయ్యలేదు. మేము అని రాసినవాడు ఒకడైనా కనపడాలి, లేకపోతే మేము కూడా దొర్లింది లాగే పారిపోతుంది. 'క్షమించండి' ఎందుకు లేదని మా పెద్దాయన అడిగారు. పెట్టాను, ఫోన్లో, నోటితో. కాగితం మీద ఆయనకి కావాల్సింది తేదీలు.

చదివాక షావుకారుగారు ఫోన్ చేశారు. 'అంతా బాగుంది గానీ బాబూ, నాను ఎవులికీ సెప్పను. ఎవులు సేసినారు?' 'ఓటీపీ కొట్టింది నేనేనండి' అన్నాను. అబద్ధం కాదు. ఆయన నమ్మలేదు.

ఇంతటితో అయిపోవాల్సింది. కానీ షావుకారుగారి అబ్బాయి చదువంతా ఒడియాలో సాగింది, ఫైల్లో పెట్టుకోడానికి ఒడియాలో ఒక కాపీ కావాలన్నాడు. అర్థం మారకుండా రాసిచ్చాం. మర్నాడు తండ్రీ కొడుకులిద్దరూ ఆఫీసుకే వచ్చారు. అబ్బాయి పైకి చదవడం మొదలుపెట్టాడు. ఒడియాలో మేము అంటే 'ఆమె'. మేము తప్పు చేశాం అన్నచోట 'ఆమె భుల్ కొరిఛు' అని గట్టిగా చదివాడు.

షావుకారుగారు కుర్చీలోంచి లేచారు. వారం రోజుల గుట్టు రట్టయిన ఆనందం ముఖంలో వెలిగిపోతోంది. తిన్నగా కంప్యూటర్ల వైపు తిరిగి, 'నాను అననేదేటి! ఆ పిల్లే!' అన్నారు.

కంప్యూటర్ల దగ్గర ఆడపిల్లలు ఇద్దరున్నారు. ఇద్దరూ తల దించుకుని నవ్వు ఆపుకుంటున్నారు. మా పెద్దాయన ఎంచక్కా గోడ మీది క్యాలెండర్ చూస్తున్నారు.

'అది కాదండీ,' అన్నాను. 'ఒడియాలో ఆమె అంటే మేమందరం అని.'

ఆయన అబ్బాయి వైపు చూశారు. అబ్బాయి అవునని తలూపాడు. షావుకారుగారు కాసేపు ఆలోచించి, మళ్ళీ కూర్చుని, మా నలుగురి మొహాలూ వరసగా చూశారు.

'అయితే బాబూ, నువ్వూ ఆమేనేటి?'

'అవునండీ. అందరం ఆమే.'