కొండ తల కోసింది నా కంప్యూటర్ కాదు

ఈ రోజు ఉదయం ఫోను తెరవగానే మా బృందం గ్రూపులో ఒక చిత్రం. డ్రోన్ తీసిన ఫోటోలను కలిపి కుట్టి, నేను రాత్రంతా ప్రాసెస్ చేసి ఇచ్చిన కొండ మ్యాపు. శిఖరం దగ్గర ఎర్ర వృత్తం గీసి, కింద ఒక్క వాక్యం: "మీ సాఫ్ట్‌వేర్ కొండ తల తినేసింది." పక్కన మూడు నవ్వు బొమ్మలు. దానికి పదకొండు మంది బొటనవేళ్లు ఎత్తారు. ఆ పదకొండు మందిలో ఆ రోజు డ్రోన్ ఎగరవేసిన మహానుభావుడు కూడా ఉన్నాడు! ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతలో కనీసం ఆడినవాడే మద్దెలను తిట్టాడు. ఇక్కడ ప్రేక్షకులు కూడా చప్పట్లు కొడుతున్నారు.

సరే, తల ఎవరు కోశారో లెక్కతో చెబుతాను. గ్రూపులో చెబితే "మళ్లీ మొదలుపెట్టాడు" అంటారు కాబట్టి ఇక్కడ చెబుతాను.

మా కెమెరా సెన్సర్ వెడల్పు 13.2 మిల్లీమీటర్లు, ఎత్తు 8.8. లెన్సు ఫోకల్ దూరం కూడా 8.8. ఫోటో వెడల్పు 5472 పిక్సెళ్లు. ఈ అంకెలు మా అందరికీ నోటికి వచ్చు, ఎందుకు వచ్చో మాత్రం ఎవరికీ తెలియదు. వీటి అర్థం చాలా తేలిక. నేల నుంచి 100 మీటర్ల పైన ఉంటే ఒక ఫోటోలో 150 మీటర్ల వెడల్పు, 100 మీటర్ల పొడవు నేల పడుతుంది. ఆ 150 మీటర్లను 5472తో భాగిస్తే ఒక పిక్సెల్ కింద దాదాపు 2.7 సెంటీమీటర్ల నేల. దీన్నే జీఎస్‌డీ అంటాం. ఎత్తు సగమైతే ఇవన్నీ సగమవుతాయి.

ఇక ఆ రోజు ప్లాను. స్థలం 600 మీటర్ల పొడవు, 500 మీటర్ల వెడల్పు. మధ్యలో 60 మీటర్ల ఎత్తున్న కొండ. మనవాడు కొండ అడుగున, నీడ ఉన్న చోట, కారు పక్కన డ్రోన్ పెట్టాడు. యాప్‌లో ఎత్తు 100, ముందు ఓవర్‌ల్యాప్ 80, పక్క ఓవర్‌ల్యాప్ 70 అని కొట్టాడు. అంటే ఒక ఫోటోలో పడిన నేలలో 80 శాతం తర్వాతి ఫోటోలో, 70 శాతం పక్క వరుస ఫోటోలో మళ్లీ పడాలని. పుస్తకంలో ఉన్నట్టే ఉంది కదా, ఇంకేం కావాలి? యాప్ కూడా విధేయంగా లెక్కగట్టింది. ప్రతి 20 మీటర్లకు ఒక ఫోటో, వరుసకూ వరుసకూ మధ్య 45 మీటర్లు. పచ్చ టిక్కు పెట్టింది. ఆ పచ్చ టిక్కును చూస్తే మా వాళ్లకు దేవుడు ప్రత్యక్షమైనట్టే.

కానీ ఆ 100 మీటర్లు ఎక్కడి నుంచి? కారు పక్కన డ్రోన్ లేచిన చోటి నుంచి. కొండ నుంచి కాదు. డ్రోన్ అదే మట్టంలో నేరుగా పోతుంది, కింద నేల మాత్రం పైకి లేస్తుంది. శిఖరం మీదికి వచ్చేసరికి డ్రోనుకూ నేలకూ మధ్య మిగిలింది 40 మీటర్లు. అక్కడ ఒక ఫోటోలో పట్టేది 60 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు. ఫోటోల మధ్య దూరం మాత్రం అదే 20, వరుసల మధ్య అదే 45. నలభైలో ఇరవై ముందుకు జరిగితే మిగిలిన ముందు ఓవర్‌ల్యాప్ 50 శాతం. అరవైలో నలభై ఐదు పక్కకు జరిగితే మిగిలిన పక్క ఓవర్‌ల్యాప్ 25 శాతం. యాప్ తెర మీద 80, 70 అలాగే మెరుస్తూ ఉన్నాయి. అవి కారు పార్కింగుకు మాత్రమే నిజం.

శాతాలుగా చెబితే ఎవరికీ నొప్పి తెలియదు. ఫోటోలుగా చెబుతాను. 80, 70 ఉన్నచోట నేల మీది ఒక రాయి సగటున పదహారు పదిహేడు ఫోటోల్లో కనిపిస్తుంది. 50, 25 ఉన్నచోట అదే రాయి సగటున మూడు ఫోటోల్లో కూడా కనిపించదు. సగటు అంటే కొన్ని రాళ్లు నాలుగింటిలో, ఎక్కువ రాళ్లు రెండింటిలోనే అని. గాలికి డ్రోన్ కాస్త వంగితే ఆ రెండూ ఒకటవుతాయి. ఒక్క ఫోటోలో కనిపించిన రాయి ఎత్తు ఎంతో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు, రెండు వేరువేరు చోట్ల నుంచి చూస్తేనే కదా లోతు తెలిసేది. ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి, నా కంప్యూటర్ బాధ అర్థమవుతుంది.

అన్నిటికంటే కడుపు మండేది ఏమిటంటే, శిఖరం మీద రంధ్రం పడటం నిజానికి మంచిదే. రంధ్రం కనిపిస్తుంది. ఆ రంధ్రాన్ని చుట్టుపక్కల బిందువులతో సాఫీగా పూడ్చేసిన ఉపరితలం ఇంకా ప్రమాదం. గుండు మీద సబ్బు రాసినట్టు నున్నగా ఉంటుంది, చూసినవాళ్లు "ఎంత బాగుంది" అంటారు. శిఖరం నాలుగు మీటర్లు పొట్టిదైన సంగతి ఎవరికీ పట్టదు. నేను పూడ్చకుండా వదిలాను కాబట్టే ఎర్ర వృత్తం పడింది. నిజాయితీకి బహుమానం.

"అయినా శిఖరం మీద ఫోటోలు ఎంత స్పష్టంగా వచ్చాయో చూడు, 1.1 సెంటీమీటరు" అని ఒకరు జవాబు పెట్టారు. అవును, స్పష్టంగానే వచ్చాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, దగ్గరకు వెళ్లినందుకు వివరం పెరిగింది, కలిపి కుట్టడానికి ఉండాల్సిన ఓవర్‌ల్యాప్ పోయింది. పైగా రిపోర్టులో సగటు జీఎస్‌డీ అని ఒకే అంకె వస్తుంది, దాన్నే చూసి మురిసిపోతారు. అదే రిపోర్టులో రెండు పేజీల తర్వాత ఏ చోటు ఎన్ని ఫోటోల్లో పడిందో రంగుల్లో చూపే పటం ఉంటుంది. శిఖరం దగ్గర అది ఎర్రగా అరుస్తోంది. ఆ పేజీ దాకా వెళ్లినవాళ్లు ఎంతమంది? నేను ఒక్కడినే.

పోనీ స్థలం దగ్గరే చూసుకోవచ్చు కదా. డ్రోన్ దిగిన తర్వాత, ఇంటిదారి పట్టకముందు, శిఖరం మీద తీసిన ఫోటో ఒకటి తెరిచి, ఏదైనా తెల్ల రాయిని గుర్తుపెట్టుకుని, ముందు వెనక ఫోటోల్లో, పక్క వరుసలో అది ఎన్నింటిలో ఉందో లెక్కపెట్టాలి. ఐదు నిమిషాల పని. పదికి దగ్గరగా వస్తే ఇంటికి పోవచ్చు. మూడు వస్తే మళ్లీ ఎగరాలి. ఈ మాట నేను చెప్పి రెండేళ్లు. "సార్, యాప్ టిక్కు ఇచ్చింది సార్" అన్నదే జవాబు.

పాత ప్లానునే ఉంచి దిద్దాలంటే ఏం చేయాలో కూడా చెబుతాను, ఎందుకు చేయరో అప్పుడు తెలుస్తుంది. శిఖరం మీద 80, 70 రావాలంటే అక్కడ ఫోటోల మధ్య 8 మీటర్లు, వరుసల మధ్య 18 మీటర్లు ఉండాలి. యాప్‌లో 100 మీటర్ల దగ్గర అది 92, 88 అని కొట్టాలి. ఫోటోలు ఆరు రెట్లకు పైగా పెరుగుతాయి. వరుసలు పన్నెండు నుంచి ఇరవై ఎనిమిది అవుతాయి. మా కెమెరా రెండు సెకన్లకు ఒక ఫోటో మాత్రమే తీయగలదు, కాబట్టి 8 మీటర్లకు ఒకటి కావాలంటే సెకనుకు 4 మీటర్ల వేగానికి తగ్గాలి. సెకనుకు 8 మీటర్లతో పదిహేను నిమిషాల్లో ముగిసిన పని గంట దాటుతుంది. ఒక్క బ్యాటరీ నాలుగవుతుంది. అదీ అసలు కథ. ఒకే బ్యాటరీతో ముగించి మధ్యాహ్నానికి ఇంటికి చేరాలన్నది లక్ష్యం. కొండ తల దానికి అడ్డొచ్చింది.

తెలివైన దారి ఉంది. నేలను అనుసరించి ఎగరడం. కింద నేల లేచిన కొద్దీ డ్రోన్ కూడా లేస్తుంది, ఎక్కడ చూసినా 100 మీటర్లే ఉంటుంది, 20, 45 అంకెలు కొండ మీద కూడా నిజమవుతాయి. కానీ ఆ దారి పేరు ఎత్తగానే పోయిన ఏడాది మట్టిగుట్ట గుర్తొస్తుంది, రక్తం మళ్లీ మరుగుతుంది.

ఒక గనిలో తవ్వి పోసిన మట్టిగుట్ట ఘనపరిమాణం కొలవాలి. అప్పుడు నేలను అనుసరించే ప్లానే వేశారు, 50 మీటర్ల ఎత్తులో, 75, 65 ఓవర్‌ల్యాప్‌తో. నేను పొంగిపోయాను, మనవాళ్లు నేర్చుకున్నారని. అయితే యాప్‌కు నేల ఎత్తులు ఎక్కడి నుంచి వచ్చాయి? 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌకలోంచి పదకొండు రోజుల పాటు రాడార్‌తో కొలిచిన ఎత్తుల పటం నుంచి. ఎస్‌ఆర్‌టీఎమ్ అంటారు. ఒక్కో గడి సుమారు 30 మీటర్లు. మంచి పటమే, దానికి ఏ పాపమూ తెలియదు. గుట్ట మాత్రం ఆ తర్వాత పోసింది! పటం దృష్టిలో అక్కడ చదును నేల. డ్రోన్ ఆ లేని నేలను ఎంతో శ్రద్ధగా అనుసరించింది. 25 మీటర్ల గుట్ట పైకొనకు వచ్చేసరికి మిగిలింది 25 మీటర్లే, ఎత్తు సగమై 75 కాస్తా 50కి, 65 కాస్తా 30కి పడ్డాయి. కొలవమన్నది ఆ గుట్టనే, సరిగ్గా ఆ గుట్టే పాడైంది. చుట్టూ ఉన్న ఖాళీ నేల మాత్రం అద్భుతంగా వచ్చింది. ఆ రోజు కూడా తప్పు సాఫ్ట్‌వేరుదే అన్నారు.

ముందుగా పైనుంచి, తక్కువ ఓవర్‌ల్యాప్ ముప్పు లేని ఎత్తులో ఒక చిన్న ఫ్లైటు వేసి, దాని నుంచి ముతక ఎత్తుల పటం తయారుచేసి, దాన్నే యాప్‌కు ఇచ్చి అసలు ఫ్లైటు వేస్తే సరిపోయేది. పది నిమిషాల అదనపు ఫ్లైటు. నేను ఈ మాట అన్నప్పుడు సమావేశంలో ఒకాయన "క్లయింటు 1 సెంటీమీటరు జీఎస్‌డీ అడిగారు, ముందు అది చూడండి" అని నా నోరు మూశాడు.

ఆ 1 సెంటీమీటరు గురించి కూడా ఒక్క మాట, లేకపోతే నాకు నిద్ర పట్టదు. ఈ కెమెరాతో అది రావాలంటే 36 మీటర్ల ఎత్తులో ఎగరాలి, ఓవర్‌ల్యాప్ మారకపోతే 100 మీటర్ల ఫ్లైటుతో పోలిస్తే ఫోటోలు ఏడు రెట్లు దాటుతాయి. పోనీ వచ్చిందే అనుకుందాం. పిక్సెల్ 1 సెంటీమీటరు అయితే కొలత కూడా 1 సెంటీమీటరు ఖచ్చితం అని ఎవరు చెప్పారు? నేల మీద సరిగ్గా కొలిచిన గుర్తులు పెట్టి, పని అంతా శుభ్రంగా చేసినా ఎత్తులో తప్పు పిక్సెల్‌కు రెండు మూడు రెట్లు ఉండటం మామూలు. గుర్తులే లేకపోతే మ్యాపు మొత్తం మీటరు పక్కకు జరిగి కూడా ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది. ఒప్పందంలో 1 సెంటీమీటరు రాసిన చేతులకు గుర్తులు పెట్టడానికి సమయం రాయడం మాత్రం రాలేదు.

ఇది రాస్తుండగానే గ్రూపులో కొత్త సందేశం వచ్చింది. "రేపు మళ్లీ వేస్తున్నాం. ఈసారి 120లో. కొండ మొత్తం పడుతుంది." మళ్లీ కారు పక్కనుంచే, మళ్లీ 80, 70తోనే. యాప్ దానికి తగ్గట్టు 24, 54 దూరాలు వేస్తుంది. శిఖరం మీద మిగిలేది 60 మీటర్లు, అక్కడ ముందు 60 శాతం, పక్క 40 శాతం. ఒక రాయికి సగటున నాలుగు ఫోటోలు. ఎర్ర వృత్తం గీయడానికి పెన్ను ఇప్పటి నుంచే సిద్ధంగా పెట్టుకోమని జవాబు రాశాను. దానికి ఇంతవరకు ఒక్క బొటనవేలూ లేవలేదు.